ఈ ఎర్ర గ్లవ్స్ నావి కావు

ముందే చెప్పేస్తున్నా, శిఖరం మీద తీయించుకున్న ఈ ఫోటో చూసి ఎత్తెంత అని కామెంట్లలో అడగొద్దు. బోర్డు మీద రాసే ఉంది, సరిగ్గా నా తల వెనకాల. ఫోటో తీస్తూ గైడన్న "కొంచెం పక్కకు జరగండి, నంబరు కనపడట్లేదు" అని రెండుసార్లు అన్నాడు. జరిగే ఓపిక లేదు.

నవ్వుతున్నట్టు కనిపిస్తున్నాను కదా. అది నవ్వో, చలికి బిగుసుకుపోయిన మొహమో నాకే తెలీదు. ఏదో సాధించేశానని మాత్రం ఆ క్షణంలో అనిపించలేదు. 'అమ్మయ్య, ఇక ఎక్కక్కర్లేదు' అనిపించింది, అంతే. అంత హాయి ఈ మధ్యకాలంలో దేనికీ కలగలేదు. బ్యాగు దించి, మంచు మీద చతికిలబడి, కాసేపు ఊరికే ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపొచ్చింది. ఎందుకంటే చెప్పలేను. నల్లద్దాలు పెట్టుకుని, చేతికి గ్లవ్స్ వేసుకుని కళ్ళు తుడుచుకోవడం ఎంత కష్టమో మాత్రం చెప్పగలను.

రాత్రి ఒంటిగంటకు బయల్దేరాం. ఎండెక్కితే మంచు మెత్తబడి కాళ్ళు దిగబడతాయి, అందుకే గట్టిగా ఉన్నప్పుడే ఎక్కెయ్యాలట. హెడ్‌ల్యాంప్ వెలుతురులో ముందు నడిచే మనిషి మడమలు తప్ప ఇంకేమీ కనపడవు. దాదాపు 6 గంటలు నా లోకమంతా ఒక జత బూట్లు! ఒకసారి తలెత్తితే పైనెక్కడో చిన్న చిన్న వెలుగులు. నక్షత్రాలనుకున్నా. కాదు, మాకన్నా ముందు బయల్దేరినవాళ్ళ దీపాలు. అది తెలిశాక మళ్ళీ తలెత్తలేదు. బ్యాగులోంచి నీళ్ళు తాగే పైపు గడ్డకట్టింది. ఫోన్ 40 శాతం చూపిస్తూనే చలికి చటుక్కున ఆరిపోయింది. ఈ ఫోటో గైడన్న ఫోన్లోది.

సూర్యోదయం చాలా బాగుంది. దాని గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను వదిలేస్తున్నా.

గైడన్న గురించి రాయాలి. "ఇంకో ఇరవై అడుగులు వేద్దాం, తర్వాత ఆగుదాం" అంటాడు. లెక్కపెట్టుకుంటూ వేస్తాను. ఆగుతాం. నాలుగు ఊపిర్లు తీసుకోగానే మళ్ళీ "ఇంకో ఇరవై". రాత్రంతా ఇదే. మధ్యలో నాకు చిరాకేసి కసిరాను కూడా. ఏమీ అనుకోలేదు. మంచులో జారకుండా బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ళ క్రాంపాన్ల పట్టీలు బిగించుకుందామని గ్లవ్స్ తీస్తే రెండు నిమిషాల్లో నా వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఆయన మంచులో మోకాలేసుకుని, బడికెళ్ళే పిల్లకి బూట్లు తొడిగినట్టు బిగించాడు. చివరి వాలు దగ్గర ఇరవై అనలేదు. పక్కకు తప్పుకుని నన్ను ముందు నడవమన్నాడు.

ఫోటోలో లేనివాళ్ళు ఇంకా ఉన్నారు. అర్ధరాత్రి లేచి మా సీసాల్లోకి మంచు కరిగించి నీళ్ళు కాచిన వంటాయన. గిన్నెడు మంచు కరిగితే వచ్చేది అడుగున కాసిని నీళ్ళే, అది చూసేదాకా నాకు తెలీదు. మా టెంట్లూ సామానూ మోసినవాళ్ళు. అందులో నేను పెట్టిన లావుపాటి పుస్తకం కూడా ఉంది, ఒక్క పేజీ తిప్పలేదు. తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఇంట్లో మావాణ్ణి వారం రోజులు చూసుకుని, ఒక్కసారి కూడా "ఇదంతా అవసరమా" అనని మా అత్తయ్య.

ఇక ఈ ఎర్ర గ్లవ్స్. ఇవి నా ఫ్రెండ్‌వి. అసలు ఈ ట్రెక్ ఆలోచనే దానిది. ఆరు నెలలు నన్ను పొద్దున్నే లేపి మెట్లెక్కించింది అదే. పై క్యాంపు చేరిన సాయంత్రం దానికి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. గాలి పలచబడితే ఎవరికైనా రావచ్చు, ఎంత ప్రాక్టీసు చేసినా సరే. దానికి మందు కిందికి దిగడమే. మొండికేస్తుందేమో, ఎలా ఒప్పించాలా అని నాకు టెన్షన్. గైడన్న ఒక్కసారి చెప్పగానే "సరే, దిగుతాను" అంది. ఆ చీకట్లో ఇంకో గైడ్ తోడు రాగా బ్యాగు సర్దుకుంటూ, తాడుకు ఆరేసిన నా తడి గ్లవ్స్ చూసింది. తనవి తీసి నా ఒళ్ళో పడేసి, "ఉంచుకోవే, కింద నాకెందుకు" అంది. అంతకు మించి ఒక్క మాట లేదు. నేనే అయితే అంత తేలిగ్గా వెనక్కి తిరిగేదాన్ని కాదు.

మర్నాడు మేం దిగొచ్చేసరికి కింది క్యాంపులో టెంటు బయట కూర్చుని ఎదురుచూస్తోంది. మొహం తేటగా ఉంది. వాటేసుకుంటే ఇద్దరం కాసేపు వదల్లేదు. తర్వాత అది అడిగిన మొదటి ప్రశ్న: "గ్లవ్స్ పారెయ్యలేదు కదా?"

పారెయ్యలేదే. రెండుసార్లు ఉతికా, ఇంకా వాసన పోలేదు. నాలుగు రోజులైనా మెట్లు వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగుతున్నా. మోకాళ్ళు కాస్త దారికొచ్చాక తెచ్చిస్తాను.