నమస్కారమండీ, రండి!

నమస్కారమండీ! మా ఏటికొప్పాక బొమ్మల షాపుకి స్వాగతం.

ఈ నెంబరు నుంచి మెసేజ్ రావడం ఇదే మొదటిసారి. మీరు పలకరించినందుకు చాలా సంతోషం. కొనాలనే కాదు, ఊరికే బొమ్మలు చూడాలని ఉన్నా మొహమాటపడకుండా అడగండి. ఇక్కడ జవాబు రాసేది మేమే, ఇంట్లోవాళ్ళమే.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంటుంది ఏటికొప్పాక. అక్కడ బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర నుంచే తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్ముతాం. అంకుడు కర్రను మర మీద తిప్పుతూ చెక్కుతారు. తర్వాత రంగు కలిపిన లక్కను తిరుగుతున్న బొమ్మకే అదిమిపెడతారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, దాంతో ఆ నునుపు వస్తుంది. మేం తెచ్చేవన్నీ పసుపు, నీలిమందు లాంటి సహజ రంగులతో చేసినవే. ఈ బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. చేత్తో చేసినవి కాబట్టి ఫొటోలో ఉన్న రంగుకీ మీ చేతికి వచ్చేదానికీ కాస్త తేడా ఉండొచ్చు, ముందే చెప్తున్నాం.

దసరా దగ్గరపడింది కదా, ఇప్పుడు ఎక్కువమంది కొలువు బొమ్మలే అడుగుతున్నారు. మీకూ అవే కావాలంటే ఎన్ని మెట్లు పెడుతున్నారో చెప్పండి, మెట్టుకి సరిపోయే సైజులో పెళ్ళి సెట్టు, ఎడ్లబండి, రాజు-రాణి ఫొటోలు పంపుతాం. పిల్లల కోసమైతే వయసు చెప్పండి. లక్కపిడతల్లో చిన్న చిన్న గిన్నెలుంటాయి, నోట్లో పెట్టుకుంటారు కాబట్టి మూడేళ్ళలోపు పిల్లలకి అడిగినా వద్దనే అంటాం. వాళ్ళకి గిలక్కాయ ఇవ్వండి, చక్కగా ఆడుకుంటారు.

గిలక్కాయ 180 రూపాయలు, లక్కపిడతల సెట్టు 450, కొలువు సెట్లు 900 నుంచి ఉన్నాయి. 1,000 రూపాయలు దాటితే కొరియర్ ఖర్చు మాదే, లోపు అయితే 70. ఏపీ, తెలంగాణలకు మూడు నుంచి ఐదు రోజుల్లో, బెంగళూరు, చెన్నైలకు వారంలో చేరుతుంది. దారిలో ఏదైనా విరిగితే టెన్షన్ పడకండి. పార్శిల్ విప్పేటప్పుడు చిన్న వీడియో తీసి పంపండి చాలు, కొత్తది పంపిస్తాం.

డబ్బు యూపీఐలో పంపొచ్చు, అదీ మీరు బొమ్మలు ఎంచుకుని సరే అన్నాకే. ఓటీపీ, పిన్ మేం ఎప్పుడూ అడగం. మా పేరు చెప్పి ఎవరు అడిగినా దయచేసి ఇవ్వకండి.

ఇంతకీ బొమ్మలు ఇంట్లోకా అండీ, ఎవరికైనా కానుకగా ఇవ్వడానికా? ఒక్క మాట రాయండి, దాన్నిబట్టి ఫొటోలు పెడతాం. వాయిస్ మెసేజ్ పెట్టినా పర్వాలేదు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా అందుబాటులో ఉంటాం, ఆ తర్వాత వచ్చిన మెసేజ్‌లకి మర్నాడు పొద్దున్నే జవాబిస్తాం.