చరణ్ ట్యూషన్ మాస్టారికి పంపాల్సిన మెసేజ్, తిరగరాసింది

తమ్ముడూ, నువ్వు రాసింది ఇది కదా:

“సార్, మావాడికి మ్యాథ్స్‌లో మళ్లీ 11 వచ్చాయి. నెలనెలా టైమ్‌కి ఫీజు కడుతూనే ఉన్నాం. మీరు వాడి మీద అసలు శ్రద్ధ పెట్టట్లేదు. మీ బ్యాచ్‌లోనే పక్కింటి అబ్బాయికి 23 వచ్చాయి. ఇలాగైతే మానిపించేస్తాం.”

ఇది పంపకు. ఇందులో ఆయనకి పనికొచ్చే ముక్క ఒక్కటే, ఆ 11. అదీ ఎంతకి 11 అన్నది లేదు. శ్రద్ధ పెట్టట్లేదన్న మాట మనం అనలేం, ఆయన క్లాసులో మనం కూర్చోలేదు. మన చేతిలో ఉన్నవి పేపర్లు, నోటుబుక్కు. పక్కింటి పిల్లాడి మార్కులు చెబితే ఆయన జవాబు ఆ పిల్లాడి గురించే ఉంటుంది. ఫీజు, మానిపించడం రెండూ తీసేశాను. నిజంగా మానిపించాలనుకుంటే అది వేరే రోజు, ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట.

ఆదివారం నువ్వు వాడి చేత ఒంటరిగా చేయించిన పది లెక్కల కాగితం ఉంది చూడు, మెసేజ్ అంతా దాని మీదే నిలబెట్టాను. ఇదిగో:

“నమస్కారం మాస్టారూ. ఏడో తరగతి చరణ్ వాళ్ల నాన్నని. వాడి లెక్కల గురించి మీతో ఒక విషయం మాట్లాడాలి. తీరిక చూసుకుని చదవండి, వెంటనే జవాబు ఇవ్వక్కర్లేదు.

యూనిట్ టెస్టుల్లో 25కి జులైలో 17, ఆగస్టులో 14, ఈ నెల 11 వచ్చాయి. ఆగస్టులో జ్వరం, ఊళ్లో పెళ్లి వల్ల ఆరు క్లాసులు మానేశాడు, అది మా వైపు లోటే. కానీ ఈ నెలలో ఒక్క రోజూ మానలేదు, అందుకే మీకు రాస్తున్నాను.

మీ దగ్గర చేసిన నోటుబుక్కులో పూర్ణ సంఖ్యలు, సామాన్య సమీకరణాలు దాదాపు అన్నీ రైటే. అవే రకం లెక్కలు పది, అంకెలు మార్చి, నోట్సు చూడకుండా ఇంట్లో చేయిస్తే నాలుగే వచ్చాయి. తప్పిన ఆరింటిలో ఐదు గుర్తుల దగ్గరే పోయాయి. −7 − (−3) కి −10 అని రాశాడు. 2x + 5 = 17 లో 5ని అవతలికి పంపేటప్పుడు గుర్తు మార్చక 2x = 22 చేసి, x = 11 అన్నాడు. మిగిలిన ఒకటి ఎక్కంలో తప్పు, 7 × 8 కి 54 వేశాడు. జవాబు వచ్చాక సమీకరణంలో పెట్టి సరిచూసుకునే అలవాటూ లేదు. ఆ కాగితం ఫొటో, మూడు టెస్టు పేపర్ల ఫొటోలు పైన పెట్టాను. బోర్డు మీద మీరు చేస్తుంటే వాడికి అర్థమవుతోందని, ఒంటరిగా మొదలుపెట్టాల్సి వస్తే తడబడుతున్నాడని మాకు అనిపిస్తోంది. మీరు రోజూ చూస్తారు కాబట్టి, కారణం వేరేదైతే చెప్పండి.

వీలైతే రెండు చూడండి. క్లాసు మొదట్లో పది నిమిషాలు, అంతకుముందు వారం నేర్పిన రకం లెక్కలు ఐదు, ఎవరి సాయం లేకుండా చేయించండి. తప్పు చేస్తే రబ్బరుతో చెరపనివ్వకుండా అలాగే ఉంచి, పక్కనే మళ్లీ చేయించండి. ఎక్కడ తప్పుతున్నాడో ఇంట్లో మాకూ కనబడుతుంది. ఆరుగురి బ్యాచ్‌లో ఒక్కడికే విడిగా ఇది కష్టమైతే, ఆ ఐదు లెక్కలు రాసి పంపండి, ఇంట్లో మేమే కూర్చోబెట్టి చేయిస్తాం.

రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా లెక్కలకే కేటాయించాం, ఆ అరగంట ఫోను వాడి దగ్గర ఉండదు. ఎక్కాలు 12 దాకా రోజూ అప్పజెప్పించుకునే పని వాళ్లమ్మ తీసుకుంది.

ప్రతి శనివారం, ఆ ఐదు లెక్కల్లో ఎన్ని వచ్చాయో ఒక్క లైను పంపితే చాలు. నాలుగు వారాలు ఇలా చూసి, అక్టోబరు టెస్టు పేపరు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. ఈ ఆదివారం ఉదయం పదింటి తర్వాత మీకు కుదిరితే నేనే వచ్చి కలుస్తాను, లేదంటే ఫోన్‌లో మాట్లాడతాను. ఇంకో మాట, భిన్నాలు మీరు చెప్పాక బాగా చేస్తున్నాడు, 2/3 + 1/4 లాంటివి ఇప్పుడు తప్పట్లేదు. ధన్యవాదాలు మాస్టారూ.”

భిన్నాల మాట నిజమే కాబట్టి పెట్టాను, పొగడ్తకి కాదు. ఆ కాగితం వెనకవైపు అవన్నీ సరిగ్గానే చేశాడు.

ఫొటోలు ముందు పంపి, తర్వాత మెసేజ్ పెట్టు. సాయంత్రం ఐదున్నరకి ఆయన బ్యాచ్ మొదలవుతుంది, అప్పుడు పంపితే పిల్లల ముందు చదవాల్సొస్తుంది. మధ్యాహ్నం పంపు. గ్రూపులో వద్దు, ఆయన నంబరుకే. చరణ్‌కి ముందే చెప్పు, మాస్టారు హఠాత్తుగా “మీ నాన్న రాశారు” అంటే వాడు బిక్కచచ్చిపోతాడు. రెండు రోజులు జవాబు రాకపోతే మళ్లీ మెసేజ్ పెట్టకు, ఫోన్ చెయ్యి.