గ్లాస్గోలో 28 ఏళ్ల అంతరం

మైకేల్ మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో తూర్పున ఉన్న పేదవాడ కాల్టన్‌లో పుట్టిన మగబిడ్డ సగటు ఆయుర్దాయం 54 ఏళ్లు కాగా, కొద్ది కిలోమీటర్ల దూరంలోని సంపన్న ప్రాంతమైన లెంజీలో అది 82 ఏళ్లు. 1948 నుంచి వైద్యం ఉచితంగా అందుతున్న దేశంలో ఇంత తేడా ఉందంటే, కారణాలను ప్రధానంగా ఆసుపత్రి వెలుపలే వెతకాలి.

ఓడల నిర్మాణం, ఉక్కు వంటి పరిశ్రమలు క్షీణించినప్పుడు తూర్పు గ్లాస్గో శ్రామిక కుటుంబాలు జీతంతో పాటు రోజువారీ క్రమాన్నీ, వృత్తి గౌరవాన్నీ, తోటి కార్మికుల అండనూ కోల్పోయాయి; చెమ్మపట్టిన ఇరుకు ఇళ్లు, అప్పులు, ఎడతెగని ఆందోళన దానికి తోడై గుండెజబ్బులను పెంచడమే కాక, మద్యం, మాదకద్రవ్యాలు, ఆత్మహత్యల వల్ల కలిగే అకాల మరణాలనూ పెంచాయి. వీటిని వ్యక్తుల దురలవాట్లుగా మాత్రమే చూడడం, నా దృష్టిలో, కార్యాన్నే కారణంగా పొరబడడం.

అయితే 54 అనే అంకెను జాగ్రత్తగా చదవాలి. కాల్టన్‌లో నిరాశ్రయులైన పురుషుల వసతిగృహాలు ఉండడం వల్ల అప్పటికే అనారోగ్యంతో ఉన్నవారు అక్కడికి చేరి, సగటును మరింత కిందికి లాగారు. ఆ వసతిగృహాలు పేదల వాడలోనే వెలిశాయి, లెంజీలో కాదు. ఆ ఎంపిక కూడా సామాజిక నిర్ణయమే.