విశ్వనాథం గారి నంబరు

నాయనమ్మ ఫోన్‌లో కొత్త సిమ్ వేసిన సాయంత్రమే మెసేజ్‌లు మొదలయ్యాయి. "విశ్వనాథం గారూ, మీ బీమా ప్రీమియం గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది." "విశ్వనాథం గారూ, మీ ఖాతాలో పెన్షన్ జమ అయింది." కాసేపటికి ఒక గ్రంథాలయం నుంచి ఇంకోటి. ఆయన తీసుకెళ్ళిన పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీ దాటిపోయిందట.

"రాంగ్ నంబరమ్మా, డిలీట్ చేసెయ్" అన్నాడు నాన్న.

రాంగ్ నంబరు కాదని నేను చెప్పాను. ఎవరైనా నంబరును రీఛార్జ్ చేయకుండా చాలాకాలం వదిలేస్తే కంపెనీ దాన్ని ఆపేస్తుంది. కొన్ని నెలలు పక్కన పెట్టి, ఆ తర్వాత కొత్తగా సిమ్ అడిగినవాళ్ళకు ఇచ్చేస్తుంది. నంబరు చేతులు మారిందని బ్యాంకుకు గానీ, బీమా ఆఫీసుకు గానీ, బంధువులకు గానీ ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. పాత మనిషే ఒక్కొక్క చోటికీ వెళ్ళి మార్పించుకోవాలి. ఆయన మార్పించుకోలేదు, అంతే.

నాయనమ్మ అంతా విని, "మరి ఆయనకి రావాల్సినవన్నీ మనకొస్తుంటే ఆయనకి తెలిసేదెలా?" అంది.

"తెలీదు నాయనమ్మా."

"అయితే డిలీట్ చేయకు. ఎవరిదో ఉత్తరం మనింటికొస్తే చింపి పారేస్తామా?"

మర్నాడు నా పాత నోట్సు పుస్తకం ఒకటి తీసుకుంది. వెనకవైపు ఖాళీ పేజీల్లో గీతలు కొట్టి తేదీ, పంపినవాళ్ళు, విషయం అని మూడు వరసలు పెట్టింది. కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని, ఫోన్‌ను దూరంగా పట్టుకుని, ఒక్కో మెసేజ్‌నూ గుండ్రటి అక్షరాలతో ఎక్కించేది. ఇంగ్లీషులో వచ్చినవాటిని నాచేత చదివించుకుని తెలుగులో రాసుకునేది. ఆఫర్లు, లాటరీలు లాంటివి మాత్రం రాయలేదు. "ఇవి అందరికీ వచ్చేవేగా" అనేది.

ఆమెకి ఇంత పట్టుదల ఎందుకో అమ్మే నాకు చెప్పింది. నాయనమ్మ పాత నంబరు తాతయ్య పేరు మీద ఉండేది. తాతయ్య పోయాక ఆ గొడవలో రీఛార్జ్ సంగతి ఎవరికీ గుర్తులేదు. మేం చూసుకునేసరికి నంబరు పోయింది. పనికిరాదని ఆ సిమ్‌ను పారేయడంతో అందులో ఉన్న పేర్లూ పోయాయి. ఆమెకి నోటికొచ్చిన నంబరు నాన్నదొక్కటే. మిగతావాళ్ళంతా ఆమెకు ఫోన్ చేసేవాళ్ళే తప్ప, ఆమె వాళ్ళ నంబర్లు రాసిపెట్టుకున్నది లేదు.

విశ్వనాథం గారు మాకు నెమ్మదిగా తెలిసొచ్చారు. పెన్షన్ వస్తుంది కాబట్టి పెద్దాయనే. గ్రంథాలయం సభ్యత్వం ఉంది. బీపీ మందులు అయిపోవచ్చాయని మందుల షాపు వాళ్ళు గుర్తుచేస్తారు. ఒకరోజు రాత్రి ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు: "మాస్టారూ, ఉద్యోగం వచ్చింది. ఇంట్లో కూడా ఇంకా చెప్పలేదు, ముందు మీకే చెప్తున్నాను."

అది చదివి మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. దానికి జవాబివ్వకుండా ఉండలేకపోయాను. "ఈ నంబరు ఇప్పుడు మాస్టారిది కాదండీ, మేం కొత్తగా తీసుకున్నాం. మీకు మా అందరి తరఫున అభినందనలు" అని పెట్టాను. వెంటనే తిరిగి ప్రశ్న వచ్చింది: "థాంక్సండీ. మరి మాస్టారు ఎక్కడున్నారు? బాగానే ఉన్నారా?"

దానికి మా దగ్గర జవాబు లేదు. నాయనమ్మ ఆ అబ్బాయి పేరూ నంబరూ పుస్తకంలో రాసి, పక్కన "ఉద్యోగం వచ్చింది" అని కింద గీత గీసి మరీ పెట్టింది.

ఓటీపీలు మొదలయ్యాక ఇంట్లో టెన్షన్ మొదలైంది. బ్యాంకు నుంచి ఉదయం పదకొండు ప్రాంతంలో ఒకటి, రెండు నిమిషాలకు ఇంకోటి, మళ్ళీ ఇంకోటి. తర్వాత "ఎక్కువసార్లు ప్రయత్నించినందున మీ లాగిన్ 24 గంటలు నిలిపివేయబడింది" అని మెసేజ్. మర్నాడు అదే వేళకు మళ్ళీ అదే వరస.

"ఎవడో ఆయన డబ్బు కొట్టేయాలని చూస్తున్నాడు" అన్నాడు నాన్న.

అమ్మ ఫోన్ లాక్కుని ఆ మెసేజ్‌లన్నీ చూసింది. అమ్మకి భయమేసింది ఇంకో సంగతికి. "ఈ సిమ్ మన చేతిలో ఉన్నంతకాలం, 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే చాలు, ఆయన ఖాతాలు సగం మనమే తెరవగలం. మనం కాబట్టి సరిపోయింది" అంది. ఆ మాటకు నాన్న కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ వారంలోనే ఫోన్ వచ్చింది. నాయనమ్మే ఎత్తి స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నమస్కారం. నేను విశ్వనాథాన్ని. మీరు మాట్లాడుతున్నది నా పాత నంబరు. ఇప్పుడే మీకొక ఓటీపీ వచ్చుంటుంది. దయచేసి అది కాస్త చెప్తారా?"

నాన్న చెయ్యి అడ్డంగా ఊపుతూ వద్దని సైగ చేశాడు. నాకూ గుండె దడదడలాడింది. మోసగాళ్ళు అడిగేది అచ్చం ఇలాగే. పెద్దమనిషి గొంతు, దయచేసి అనే మాట, ఇప్పుడే వచ్చుంటుంది అనే తొందర. ఈయన నిజంగా విశ్వనాథం గారే అయినా ఇంకోలా ఎలా అడుగుతారు? నిజమైన మనిషికి కూడా ఆ మాటే మిగిలిందని నాకు చాలా బాధేసింది.

నాయనమ్మ మాత్రం తొణకలేదు. పుస్తకం దగ్గరకు లాక్కుంది. "ఓటీపీ చెప్పను బాబూ, ఏమీ అనుకోకండి. వచ్చే మంగళవారం మీకేమైనా పనుందా?"

అవతల కొంచెంసేపు ఏమీ వినపడలేదు. "మంగళవారమా? ఏమీ లేదమ్మా. ఎందుకడిగారు?"

నాన్న పెదవి విరిచాడు. మంగళవారం ఉదయం విశ్వనాథం గారు కంటి ఆస్పత్రికి వెళ్ళాలని ఆ ముందురోజే మెసేజ్ వచ్చింది. నిజమైన మనిషైతే తెలియదా అని నాన్న ఉద్దేశం.

"డాక్టరు దగ్గరకు గానీ వెళ్ళాలా?" అని నాయనమ్మ మళ్ళీ అడిగింది.

"కంటి ఆపరేషన్ అయిందమ్మా. ఎడమ కంటికి. మళ్ళీ ఎప్పుడు రావాలో మెసేజ్ పంపిస్తామన్నారు. దానికోసమే చూస్తున్నాను, ఇంతవరకు రాలేదు."

రాలేదంటే ఎలా వస్తుంది? అది మా దగ్గరుంది. నాయనమ్మ నావైపు ఫోన్ తిప్పింది. నేను మెసేజ్ తెరిచి చూశాను. "ఎడమ కన్ను, ఆపరేషన్ అనంతర పరీక్ష" అని స్పష్టంగా ఉంది. నాన్న కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చున్నాడు.

తర్వాత ఆయనే అంతా చెప్పారు. ఆపరేషన్ కోసం కూతురి దగ్గరకు వెళ్ళి చాలా నెలలు అక్కడే ఉండిపోయారు. కళ్ళకు శ్రమ ఇవ్వొద్దని ఫోన్ పక్కన పెట్టేశారు. తిరిగొచ్చి చూస్తే నంబరు లేదు. కొత్తది తీసుకున్నారు గానీ, బ్యాంకు యాప్‌లో నంబరు మార్చాలంటే పాత నంబరుకు వచ్చిన ఓటీపీ కొట్టమంటుంది. రోజూ ఉదయం టిఫిన్ ముగించుకుని కూర్చుని, ఈసారైనా వేరే దారి చూపిస్తుందేమోనని ప్రయత్నించేవారట.

అప్పుడు అమ్మ ఫోన్ అందుకుంది. "మాస్టారూ, ఓటీపీ అక్కర్లేదు. గుర్తింపు కార్డు, పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికే వెళ్ళండి. నంబరు మార్చమని దరఖాస్తు రాసివ్వండి. మీరే స్వయంగా వెళ్తే పాత సిమ్ లేకపోయినా మారుస్తారు. ఆన్‌లైన్‌లో చేసుకోమంటే, పాత నంబరు వేరేవాళ్ళకు వెళ్ళిపోయిందని గట్టిగా చెప్పండి. అది చెప్తే వాళ్ళే కంగారుపడతారు."

"ఆ మాట నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారాయన.

"బ్యాంకు ఒక్కటే కాదు బాబూ" అంది నాయనమ్మ. "కాగితం, పెన్ను తెచ్చుకోండి."

ఆయన తెచ్చుకున్నారు. నాయనమ్మ పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. బీమా ఆఫీసు, ఫలానా తేదీలోగా కట్టాలి. మందుల షాపు. గ్రంథాలయం. "అయ్యో, ఆ పుస్తకం నా దగ్గరే ఉంది" అని ఆయన నొచ్చుకున్నారు. గ్యాస్ కంపెనీ. కరెంటు బిల్లు. కంటి ఆస్పత్రి, మంగళవారం పది గంటలకు, పాత రిపోర్టులు తీసుకురావాలి. తను ఎక్కడెక్కడ ఆ నంబరు ఇచ్చారో ఆయనకే గుర్తులేదు. అవన్నీ నాయనమ్మ చేతిరాతలో వరసగా ఉన్నాయి.

కుర్రాడి పేరు చదవగానే ఆయన గొంతు మారిపోయింది. "వాడికి ఉద్యోగం వచ్చిందా? ఎప్పుడూ? నంబరు చెప్పమ్మా, ముందు వాడికి చేస్తాను. మిగతావి తర్వాత రాసుకుంటాను."

నాయనమ్మ అంకెలు ఒక్కొక్కటే చెప్పింది. ఆయన ఒక్కొక్కటే తిరిగి పలికారు.

నెల తిరిగేసరికి మెసేజ్‌లు దాదాపు ఆగిపోయాయి. గ్రంథాలయం వాళ్ళు మాత్రం ఇంకొన్నాళ్ళు వదల్లేదు. నాయనమ్మ ఫోన్ ఇక ఆమెదే అయింది. కానీ మోగేది తక్కువ.

ఒక మధ్యాహ్నం ఆమె నా గదిలోకొచ్చి, "హారికా, నా పాత నంబరుకు ఒకసారి చెయ్యవే" అంది. నాకు నోరు పెగల్లేదు. ఇన్నాళ్ళుగా అందరం విశ్వనాథం గారి గురించి ఆలోచించాం. నాయనమ్మ నంబరు కూడా ఎవరిదో ఒకరిది అయ్యుంటుందని ఆమె తప్ప ఎవరం అనుకోలేదు.

చేశాను. ఒక యువకుడు ఎత్తాడు. బండి మీద ఉన్నట్టున్నాడు, ఒక్క నిమిషం అని పక్కకు ఆపాడు.

"బాబూ, ఇంతకుముందు ఈ నంబరు నాది. నా పేరు సరస్వతమ్మ. నాకోసం ఎవరైనా ఫోన్ చేశారా?"

"మీరేనా సరస్వతమ్మ గారు!" అన్నాడతను. "మెసేజ్‌లైతే అన్నీ తీసేశానండీ. కానీ ఒక పెద్దావిడ ప్రతి ఆదివారం చేసేది. రాంగ్ నంబరని ఎన్నిసార్లు చెప్పినా, 'సరసూ, నేనే, సీతని, గొంతు గుర్తుపట్టలేదా' అనేది. మధ్యలో విసుగొచ్చి బ్లాక్ చేశానండీ."

నాయనమ్మ మంచం అంచు మీద కూర్చుంది. సీత ఆమెతో పాటు ఒకే బడిలో చదువుకున్న స్నేహితురాలు.

"ఏం పర్లేదు నాయనా. నంబరు ఉందా?"

"బ్లాక్ లిస్టులో ఉంటుందండీ, లైన్‌లోనే ఉండండి, చూస్తాను."

నేను పెన్ను అందించాను. నాయనమ్మ విశ్వనాథం గారి పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన "సీత" అని రాసి, "చెప్పు బాబూ" అంది.