సగం రుబ్బిన పప్పు

జనవరి ఒకటో తేదీ పొద్దున్నే అమ్మమ్మ ఫోన్‌కి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. పుట్టినరోజు శుభాకాంక్షలట. ఆధార్ కార్డులో ఆమె పుట్టిన తేదీ 01-01-1950. అప్పుడు రాసుకోవడానికి వచ్చినవాళ్ళు తేదీ తెలియనివాళ్ళందరికీ అదే వేశారు. మా వీధిలో అమ్మమ్మ ఈడువాళ్ళు నలుగురున్నారు, నలుగురూ జనవరి ఒకటినే పుట్టారు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ మెసేజ్ నాకు చూపించింది.

"బేంకోళ్ళకి తెలిసింది గానీ నాకే తెలీదే అమ్మలూ, నేనెప్పుడు పుట్టానో" అంది.

నవ్వుతూ అన్నా, ఫోన్ మాత్రం వెంటనే తిరిగి తీసుకోలేదు. ఆ మాటకి నాకు గుండెల్లో ఏదో కదిలింది. మా అందరి పుట్టినరోజులకీ పరమాన్నం వండి, తల మీద అక్షింతలు వేసి, నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించిన మనిషి. ఆమెకి అక్షింతలు వేయడానికి మాకెప్పుడూ ఓ రోజు దొరకలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

2024 భోగి రోజు సాయంత్రం. మర్నాటి ముగ్గుకి అమ్మ వాకిలి కడుగుతోంది. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. పక్కన చేరాను.

"నీకేం గుర్తుందో చెప్పు అమ్మమ్మా. తేదీ సంగతి నేను చూస్తాను."

"నాకేం గుర్తుంటాది? మా అమ్మ చెప్పిందే. గోదారొచ్చిన ఏడు, సంక్రాంతి పండక్కి పుట్టానంది."

మాది కోనసీమలో ఓ లంక. గోదారొచ్చిన ఏడు అంటే ఏ ఏడని చెప్పాలి? 2022 జులైలో వచ్చినప్పుడు అమ్మమ్మని పడవ మీద ఎక్కించి పునరావాస కేంద్రానికి తీసుకెళ్ళాం. 1986 ఆగస్టులో వచ్చినప్పుడు భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. మా అమ్మకి అప్పుడు పదేళ్ళు. బడి డాబా మీద రెండు రాత్రులు గడిపారట.

"ఆ డాబా మీదే అమ్మంది" అని గుర్తు చేసుకుంది అమ్మమ్మ. "నువ్వు కడుపులో ఉన్నప్పుడూ గోదారి ఇలాగే వచ్చిందే, అప్పుడు అటకెక్కాం అని. నేను ఐదో నెలంట. ధాన్యం కుండలన్నీ పైకెత్తి, వాటి మధ్యన పడుకుందంట. కింద ఇంట్లోకి పాము కొట్టుకొచ్చిందంట."

1986కి ముందు అంతటి వరద అంటే మా వైపు పెద్దవాళ్ళు చెప్పేది 1953 ఆగస్టుదే. అయినా నమ్మకం కుదరక, "ఇంకేమన్నా చెప్పేవారా?" అన్నాను.

కాసేపు చేట ఊపుతూ కూర్చుంది. "మా నాన్న ఒకటి అనేవోడు. మనకి రాష్ట్రమొచ్చిన మూడు నెలలకి మా ఇంటికి పిల్లొచ్చింది అని. ఊళ్ళో అందరికీ అదే చెప్పేవోడు."

నాకు ఒక్కసారిగా ఒళ్ళు జలదరించింది. ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది 1953 అక్టోబర్ 1న. అక్కడి నుంచి మూడు నెలలంటే జనవరి. ఆగస్టులో ఐదో నెల అయినా అంతే. అమ్మమ్మ పుట్టింది 1954 సంక్రాంతికి.

"అంటే నీకు డెబ్భై నిండాయి. కార్డులో ఉన్నట్టు డెబ్భై నాలుగు కాదు."

ఆమె చేతిలో చేట ఆగిపోయింది. "అయ్యో, మరి పింఛను ఆపేస్తారేమోనే?"

"నీది తాతయ్య పోయాక వచ్చిన వితంతు పింఛను. దానికి ఈ నాలుగేళ్ళతో పనిలేదు, టెన్షన్ పడకు."

ఆ మాటతో నెమ్మదించింది. అక్కడి నుంచి తనే చెప్పుకుంటూ పోయింది.

"ఆ ఏడు పండగ పండగలా లేదంట. అప్పుడే ఊడ్పులు అయినియ్యంట, వరదొచ్చి మొత్తం తుడిచేసింది. చేలో ఒండ్రు తప్ప గింజ లేదు. సంక్రాంతికి కొత్తబియ్యం లేని ఇల్లు మాదొక్కటే కాదు, లంక లంకంతా అంతే. మా మేనమామ మెట్ట నుంచి కావిడిలో బియ్యం, మినుములు మోసుకొచ్చాడంట. గోదారి దాటి, కడుపుతో ఉన్న చెల్లెలు పండగపూట పస్తుండకూడదని. ఆ బియ్యంతోనే పరమాన్నం వండి దేవుడికి పెట్టారు. అమ్మ ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఏడ్చేది. ఆకలి తలుచుకుని కాదే. అన్న తలుచుకుని."

అమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చి అరుగు కింద మెట్టు మీద కూర్చుంది. ఇదంతా అమ్మకి కూడా కొత్తే.

"పండగంటే మూడు రోజులు కదా" అన్నాను. "భోగా, సంక్రాంతా, కనుమా?"

"అదే తెలీదమ్మా."

"నొప్పులొచ్చినప్పుడు ఏం చేస్తోందో చెప్పిందా?"

"పప్పు రుబ్బుతోంది. మావయ్య తెచ్చిన మినుములు. సగం రుబ్బేసరికి నొప్పులొచ్చినియ్యంట. పక్కింటి సత్తెమ్మొచ్చి మిగతాది రుబ్బి, గారెలొండి, అందరికీ పెట్టిందంట. నేను పుట్టాక అమ్మ నోట్లో కూడా ఒక ముక్క పెట్టబోతే మంత్రసాని కసిరింది." అని ఆగింది. చేట కింద పెట్టేసింది. "మంత్రసాని! ఉండవే, ఆవిడ అవతలి ఒడ్డున ఉండేది. నేను పెద్దయ్యాక కూడా ఎక్కడ కనబడ్డా గెడ్డం పట్టుకుని అనేది. కనుమ నాడు కాకి కూడా కదలదు, నువ్వు నన్ను పడవెక్కించావే అని."

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. డెబ్భై ఏళ్ళుగా ఆ మాట ఆమె దగ్గరే ఉంది. అది తన పుట్టినరోజని ఆమెకి తట్టలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి వెనక్కి జరుపుతూ పోయాను. 1954 జనవరి. సంక్రాంతి 14, గురువారం. కనుమ 15.

"అమ్మమ్మా, నీకు ఆ పేరు ఎందుకు పెట్టారు?"

"శుక్రవారం పుట్టానని. ఇంట్లో గింజ లేని ఏడు పుట్టినా లక్ష్మీదేవే వచ్చిందనుకుని మహాలక్ష్మి అని పెట్టాడు నాన్న."

ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. 15 అంకె మీద వేలు ఆనించి, పైన ఏ వారం ఉందో చూపించాను. అమ్మమ్మకి చదువు రాదు గానీ అంకెలు తెలుసు. ఆ పదిహేను మీద బొటనవేలితో మెల్లగా, బొట్టు దిద్దినట్టు రాసింది. వేలు తగిలి నెల మారిపోయింది. "అయ్యో, పోయిందే" అని కంగారుపడింది. మళ్ళీ వెనక్కి తెచ్చి ఇచ్చాను.

ఈ ఏడు సంక్రాంతి 15న వచ్చింది, కనుమ 16న. తేదీ ప్రకారం రేపే పుట్టినరోజు, కేక్ తెస్తానన్నాను.

"తేదీ ఇయ్యాల దొరికింది. కనుమ నాతోపాటే ఉంది" అంది. "కనుమకే చేసుకుంటాను."

కనుమ నాడు తలంటుకుని, అమ్మ పెట్టిన కొత్త చీర కట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. ఇంట్లో గ్రైండర్ ఉంది. అయినా నానబెట్టిన మినప్పప్పు గిన్నె పట్టుకెళ్ళి, ఏళ్ళుగా వాడని రోలు కడిగి, దాని ముందు పీట వేసుకుంది. మోకాళ్ళ నొప్పులని అమ్మ వద్దంటున్నా వినలేదు. పొత్రం తిరగడం మొదలైంది. మధ్యమధ్యలో నీళ్ళు చిలకరించుకుంటూ, చేత్తో పప్పు లోపలికి తోసుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా రుబ్బింది.

పప్పు ఇంకా కచ్చాపచ్చాగా ఉండగానే ఆపేసింది. చెయ్యి కడుక్కుని పీట మీంచి లేచింది.

"రా అమ్మలూ" అని పిలిచింది. "మిగతా సగం నువ్వు రుబ్బు."