విషయం: రాత్రి షిఫ్ట్ వ్యాన్ గురించి మీ నిర్ణయం కోసం

సార్, నమస్తే.

చిత్తూరు మామిడి గుజ్జు యూనిట్‌లో రాత్రి 10కి షిఫ్ట్ దిగేవాళ్లకు బంగారుపాళ్యం వైపు వ్యాన్ జూన్ 9 నుంచి రావడం లేదు. మా మేనేజర్ గారికి మూడుసార్లు రాశాను. ఆయన పట్టించుకోలేదని అనడం లేదు. వ్యాన్ ఖర్చు మంజూరు తన చేతిలో లేదని ఆయనే అన్నారు. అందుకే ఆయనకు చెప్పి మీకు రాస్తున్నాను, కాపీ ఆయనకూ పెట్టాను.

నిన్న ఎనిమిది మంది ఆడవాళ్లు గేటు దగ్గర ఫోన్ లైట్లు వేసుకుని పదకొండున్నర దాకా ఆటో కోసం నిలబడ్డారు. ఒకావిడ చేతులకు తోతాపురి సొన ఇంకా అలాగే ఉంది. ఇంటి నుంచి ఆమెకు ఫోన్ మీద ఫోన్.

వ్యాన్ ఎప్పటి నుంచి వస్తుందో శుక్రవారంలోగా రాతపూర్వకంగా తెలపండి. అంతవరకు ఆటో బాడుగ యూనిట్ ఇచ్చేలా ఈరోజే అనుమతి కావాలి. సాయంత్రం షిఫ్ట్‌కు ముందు వాళ్లకు నేను జవాబు చెప్పాలి సార్.

ఇట్లు,
ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్