టవర్ ఎత్తు

శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి అమ్మ ఎప్పుడొస్తుందా అని భార్గవి గేటు వైపే చూస్తూ కూర్చుంది. అమ్మ మీద బెంగతో కాదు. అమ్మ చేతిసంచిలో ఉండే ఫోన్ కోసం.

ప్రీఫైనల్ లెక్కల పేపర్ గురువారమే ఇచ్చారు. నూటికి 61. "చూసుకుని ఇచ్చేయండి, కట్టలో ఒక్కటి తగ్గినా హెచ్చెమ్ సారు నన్నే అడుగుతారు" అంటూ లెక్కల మేడం పీరియడ్ అయ్యేలోపే పేపర్లన్నీ వెనక్కి తీసుకున్నారు. ఆ కాసేపట్లో భార్గవి చూసింది రెండే. పై పేజీలో మొత్తం మార్కులు, 31వ ప్రశ్న దగ్గర పేజీకి అడ్డంగా కొట్టేసిన ఎర్ర గీత. ఎనిమిది మార్కుల ప్రశ్నకు రెండు వేశారు. త్రికోణమితిలో అదొక్కటే తనకు బాగా వచ్చిన లెక్క. చేతికి అలవాటైపోయిన లెక్క. అది కూడా తప్పయిందంటే ఇంక మిగతావి చూసేదేముంది? పేపర్ మడిచి ముందు బెంచీకి ఇచ్చేసింది.

ఆ రాత్రే పక్కనున్న అవ్వతో చెప్పింది, "నాకు లెక్కలు రావవ్వా. ఇంటర్‌లో హెచ్‌ఈసీ తీసుకుంటా" అని. అవ్వకు ఎంపీసీ తెలియదు, హెచ్‌ఈసీ తెలియదు. "నీకేది ఇష్టమైతే అది తీసుకోమ్మా, ముందు కూడు తిను" అంది.

కువైట్‌లో ఉన్న నాయన మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. రాజంపేట చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికొకరు చొప్పున కువైట్‌లో ఉంటారు కాబట్టి ఆ ఊళ్లో పిల్లల మార్కులన్నీ వాట్సాప్‌లోనే తండ్రులకు చేరతాయి. నాయన అక్కడ ఒక ఇంట్లో డ్రైవర్. వాళ్ల పిల్లల్ని స్కూల్లో దింపడం, తీసుకురావడం, రాత్రి ఎవరైనా చుట్టాలింటికి పోతే బయట బండిలో కూర్చోవడం. అక్కడ తొమ్మిదైతే ఇక్కడ పదకొండున్నర. ఆ వేళకు ఫోన్ చేసి, 61 అని విని, కాసేపు ఏమీ అనలేదు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారని ఆయనకు ఎవరో చెప్పినప్పటి నుంచి ఆయన లెక్కలు ఆయనకున్నాయి.

"పేపర్ ఫోటో తీసి పెట్టు మ్మా."

"నీకేం తెలుస్తుంది నాయనా?"

"తెలవకపోతే తెలవకపోనీ. నీ రాతన్నా చూస్తా. ప్రశ్నల కాగితం కూడా పెట్టు."

అమ్మ వచ్చేసరికి పదకొండు దాటింది. మేడం పేపర్ల కట్ట విప్పి భార్గవిది తీసి బల్ల మీద పెట్టారు. అమ్మ వెనక పేజీలో సంతకం చేసింది. ఆమె సంతకం అంటే పేరు మొత్తం, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా రాస్తుంది. అది అయ్యాక భార్గవి అడిగింది, "మేడం, ఫోటో తీసుకోవచ్చా? నాయనకు పంపాలి."

"తీసుకో. వరండాలోకి పో, ఇక్కడ వెలుతురు లేదు. కాగితాలు జాగ్రత్త."

వరండాలో ఎండ ఎక్కువైంది. ఫోన్ వంచితే చెయ్యి నీడ పేజీ మీద పడుతోంది, పక్కకు జరిగితే గాలికి కాగితం లేస్తోంది. అమ్మ రెండు మూలల మీద వేళ్లు పెట్టి వంగి పట్టుకుంది. ఒక్కో పేజీ తీసింది. ఆఖరికి జామెట్రీ బాక్సులో నాలుగు మడతలు పెట్టి దాచిన ప్రశ్నపత్రం విప్పి దాన్నీ తీసింది. పేపర్ మళ్లీ మేడం బల్ల మీద పెట్టేసి ఇద్దరూ ఆటో ఎక్కారు.

పంపే ముందు అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూడాలి కదా. ఆటోలో కుదరలేదు. ఇంటికొచ్చి, అన్నం తిని, మంచం మీద పడుకుని ఒక్కో ఫోటో తెరిచింది. 31వ ప్రశ్న పేజీని రెండు వేళ్లతో పెద్దది చేసింది. తను గీసిన బొమ్మ వచ్చింది. ఎడమవైపు AB టవర్, కుడివైపు CD భవనం, మధ్యలో నేల, అటు నుంచి ఒక గీత, ఇటు నుంచి ఒక గీత. టవర్ పక్కన 50 మీ. అని రాసింది. ఆ 50 చుట్టూ ఎర్ర ఇంకుతో ఒక సున్నా.

గురువారం చూసినప్పుడు అది సున్నా మార్కులనే అనుకుంది. రెండు మార్కులు వేసి మళ్లీ సున్నా ఎందుకు వేశారో అప్పుడు తట్టనే లేదు. ఇప్పుడు చూస్తే అది మార్కులు కాదు. 50 చుట్టూ గీసిన గుండ్రం. ఎందుకు? కిందికి జరిపింది. tan 60° = √3, బాగానే ఉంది. BD = 50/√3, బాగానే ఉంది. tan 30° = 1/√3, అదీ బాగానే ఉంది. భవనం ఎత్తు 50/3 మీ. గైడులో జవాబు కూడా అదే! మేడమే తప్పు దిద్దారా? గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. అట్లాగైతే ఆరు మార్కులు వెనక్కి వస్తాయి.

మేడంతో అడగాలంటే ప్రశ్న గట్టిగా తెలిసుండాలని ప్రశ్నపత్రం ఫోటో తెరిచింది. మామూలుగా చూస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దది చేస్తే ఒక వరుసలో మూడు నాలుగు మాటలే పట్టాయి. జరుపుకుంటూ చదవాల్సి వచ్చింది.

ఒక టవర్ అడుగుభాగం నుండి... జరిపింది... ఒక భవనం పైభాగం 30° ఊర్ధ్వకోణంలోను... జరిపింది... భవనం అడుగుభాగం నుండి టవర్ పైభాగం 60° ఊర్ధ్వకోణంలోను కనిపిస్తున్నవి. ఇక్కడిదాకా పుస్తకంలో లెక్కే. భవనం ఎత్తు 50 మీ. అయిన...

వేలు ఆగిపోయింది.

టవర్ ఎత్తును కనుగొనండి.

పుస్తకంలో టవర్ 50 మీటర్లు, అడిగేది భవనం ఎత్తు. ఇక్కడ 50 మీటర్లు ఉన్నది భవనం. ఆ ఒక్క వాక్యమే తిరగేశారు. పరీక్షలో మొదటి రెండు వరుసలు చదవగానే 'అబ్బ, అదే వచ్చింది' అని పెన్ను కదిలించేసింది. మూడో వరుసను కళ్లు చూశాయో లేదో కూడా ఇప్పుడు గుర్తు లేదు. బోర్డు పరీక్షలో లాగే దీనికీ మొదట్లో పదిహేను నిమిషాలు ప్రశ్నపత్రం చదవడానికే ఇచ్చారు. ఆ పదిహేను నిమిషాల్లో తను మార్జిన్లు గీసుకుంది.

పక్కనున్న నోట్సు వెనక పేజీలో చేసి చూసింది. భవనం 50 అయితే మధ్య దూరం 50√3. దాన్ని √3తో గుణిస్తే 150. టవర్ ఎత్తు 150 మీ. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు. రాని లెక్క తప్పయితే సరే, రాలేదు అనుకుంటాం. వచ్చిన లెక్క పోతే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? దిండు మీద ఒక గుద్దు గుద్దింది. "ఏమైందే?" అని లోపలి నుంచి అమ్మ అరిచింది.

ఆ కోపంతోనే మిగతా పేజీలు కూడా తిరగేసింది. అన్నీ ఇట్లాంటివేమీ కావు. మధ్యగతం లెక్కలో సంచిత పౌనఃపున్యం కూడేటప్పుడు 27 రావాల్సిన చోట 29 వేసింది, అక్కడి నుంచి కిందివన్నీ తప్పే. థేల్స్ సిద్ధాంతం నిరూపణ సగంలో ఆపేసింది. అది నిజంగానే రాదు, చదవలేదు. ఒక రెండు మార్కుల ప్రశ్న మాత్రం మళ్లీ చదవకుండా రాసిందే. అంకశ్రేఢిలో పదో పదం అడిగితే పది పదాల మొత్తం రాసి పెట్టింది. మొత్తం కనుక్కోవడమే కష్టం, అదైతే తప్పు లేకుండా కనుక్కుంది మరి!

రాత్రి నాయన ఫోన్ వచ్చేసరికి ఫోటోలన్నీ వెళ్లిపోయాయి. జరిగింది చెప్పింది. ఆయనకు ఊర్ధ్వకోణం అర్థం కాలేదు గానీ భవనానికి బదులు టవర్ అన్నది అర్థమైంది.

"అంటే అరబ్బోడు సాల్మియా పొమ్మంటే నేను ఫర్వానియా పోయినట్టు."

"అట్లానే."

"బండి బాగానే తోలినావు గానీ."

"బాగానే తోలినా నాయనా."

"మరి మార్కులు కలుపుతారా?"

"కలపరు. ఎందుకు కలుపుతారు?"

"సరేలే. ఆ టవర్ ఎంతొచ్చింది?"

"నూటయాభై మీటర్లు."

"అమ్మో. ఇక్కడ సముద్రం ఒడ్డున కువైట్ టవర్స్ ఉండాయే, పెద్దది నూటా ఎనభై ఏడు అంటారు. దానికి కొంచెం తక్కువ. నువ్వేమో దానికి పదహారు మీటర్లు రాసిస్తివి."

"పదహారు భవనానికి నాయనా, టవర్‌కి కాదు." నవ్వొచ్చింది ఇద్దరికీ. హెచ్‌ఈసీ మాట ఆ రాత్రి ఎత్తలేదు. అవ్వ మాత్రం పక్క మంచం మీంచి "అదేదో తీసుకుంటా అంటివే" అంది. "తర్వాత చెప్తాలే అవ్వా, పడుకో" అంది భార్గవి.

సోమవారం లెక్కల పీరియడ్ అయ్యాక మేడం దగ్గరికి వెళ్లింది. "మేడం, ముప్పై ఒకటో ప్రశ్న నేను తప్పు చదివినా."

"చూసినావా? 50కి గుండ్రం చుట్టినా కదా. ఒక్కరన్నా వచ్చి అడుగుతారేమో అనుకున్నా." మేడం చాక్‌పీస్ ముక్క బల్ల మీద పెట్టారు. "నువ్వొక్కదానివే అనుకుంటున్నావా? దాన్ని రాసినోళ్లలో సగం మంది అదే 50/3 మీటర్ల భవనం కట్టి పెట్టినారు. దిద్దీ దిద్దీ నాకే అనుమానం వచ్చి ప్రశ్న మళ్లీ చదువుకున్నా."

మరుసటి రోజు క్లాసులో మేడం ఆ ప్రశ్నను బోర్డు మీద రాయించారు, భార్గవి చేతనే. జవాబు 150 అని అందరూ ఒప్పుకున్నాక డస్టర్ తీసుకుని 30, 60 రెండూ చెరిపి, ఒకదాని చోట ఇంకోటి రాశారు. "ఇప్పుడు చెయ్యి."

భార్గవి వెంటనే మొదలుపెట్టలేదు. పక్కకు జరిగి మొదటి నుంచి చదివింది. టవర్ అడుగు నుంచి భవనం 60. భవనం అడుగు నుంచి టవర్ 30. భవనం 50 మీ. అడిగింది టవర్. బొమ్మ గీసి, దూరం 50/√3 అని రాసి, దాన్ని మళ్లీ √3తో భాగించింది.

50/3.

వెనక బెంచీల నుంచి నవ్వులు. "మళ్లీ అదే వచ్చింది మేడం!" అని ఎవరో అరిచారు. మేడం ఏమీ అనలేదు, చేతులు కట్టుకుని చూస్తున్నారు. భార్గవి చెయ్యి డస్టర్ మీదికి పోయింది, ఆగింది. బోర్డు మీద ప్రశ్నను వేలు పెట్టుకుంటూ ఇంకోసారి చదివింది. డస్టర్ వదిలేసి, 50/3 ముందు 'టవర్ ఎత్తు =' అని, వెనక 'మీ.' అని రాసి, వెళ్లి తన చోట కూర్చుంది.